కీమో తర్వాత 21 రోజులు: వికారం, నోటిపుండ్లు, తెల్లకణాల తగ్గుదల ఎలా చదవాలి, బెడ్ దగ్గర ఏం చేయాలి

కీమోథెరపీ సైడ్ ఎఫెక్ట్స్ అనగానే నర్సింగ్ విద్యార్థులు చాలామంది ఒక పొడవాటి జాబితా బట్టీ పడతారు. వికారం, వాంతులు, జుట్టు రాలడం, నోటిపుండ్లు, తెల్లకణాలు తగ్గడం. పరీక్షలో ఒక్కోదానికీ ఐదేసి నర్సింగ్ చర్యలు రాసి బయటపడతారు. వార్డులో మాత్రం పేషెంట్ ఇవన్నీ కలగలిపి తెచ్చుకుంటుంది. నోరు పుండై నీళ్లు తాగదు, నొప్పికి పారాసిటమాల్ వేసుకుంటుంది, దాంతో జ్వరం కనపడదు, అప్పటికే తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. అందుకే వికారం, నోటిపుండ్లు, తెల్లకణాల తగ్గుదల, ఈ మూడింటినీ రోజుల లెక్కన, ఒకే పేషెంట్‌ని పట్టుకుని చదవమంటాను. మోతాదులు అర్థం కావడం కోసమే చెబుతున్నాను. పని చేసేచోట డాక్టర్ ఆర్డర్, మీ యూనిట్ ప్రోటోకాల్ ఏం చెబితే అదే.

మొదటి మెట్టు: క్యాలెండర్ గీయండి

నోట్‌బుక్‌లో 21 గళ్లు గీయండి. కీమో ఎక్కించిన రోజు 1వ రోజు. చాలామంది మర్నాటిని 1 అనుకుని లెక్క తప్పుతారు, ఇక్కడే సరిచూసుకోండి.

కీమో మందులు క్యాన్సర్ కణాలను గుర్తుపట్టి కొట్టవు. వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. నోటి లోపలి పొర ఒకటి రెండు వారాల్లో పూర్తిగా కొత్తదవుతుంది. కొత్త కణాలు తయారవడం ఆగితే పాతవి రాలిపోయాక కింద పచ్చి మాంసమే మిగులుతుంది. అందుకే నోటిపుండ్లు మొదటి రోజు రావు, 5వ రోజు నుంచి మొదలై రెండో వారంలో ముదురుతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తంలో ఒక రోజు కూడా తిరగవు. అయినా కీమో మర్నాడే అవి మాయమైపోవు, ఎందుకంటే ఎముక మజ్జలో కొన్ని రోజులకు సరిపడా నిల్వ ఉంటుంది. ఆ నిల్వ అయిపోయాక, చాలా మందులకు 7 నుంచి 14 రోజుల మధ్య, కౌంట్ అట్టడుగుకు చేరుతుంది. దాన్నే నాడిర్ అంటారు. తర్వాత మెల్లగా కోలుకుని మూడు నాలుగు వారాలకు మామూలవుతుంది. చాలా కోర్సులు 21 రోజులకోసారి ఉండడానికి కారణం ఇదే.

వికారం సంగతి వేరు. అది కణాలు చావడం కోసం ఆగదు, మొదటి కొన్ని గంటల్లోనే మొదలవుతుంది.

గళ్లలో ఇలా రాసుకోండి: 1 నుంచి 5 వికారం, 5 నుంచి 14 నోరు, 7 నుంచి 14 తెల్లకణాలు. రెండో వారంలో నోరు, తెల్లకణాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి చూశారా? ఈ పాఠమంతా ఆ గళ్ల గురించే.

మన పేషెంట్‌కి 48 ఏళ్లు, బరువు 56 కిలోలు. రొమ్ము క్యాన్సర్‌కి సర్జరీ అయింది. ఇప్పుడు డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి మొదటి సైకిల్. ఛాతీ చర్మం కింద పోర్ట్ పెట్టారు. ఇది చదువు కోసం అల్లిన కేసే, కానీ ఇందులో జరిగేవన్నీ ఆంకాలజీ వార్డులో మామూలుగా చూసేవే.

రెండో మెట్టు: వికారాన్ని రెండు భాగాలుగా చూడండి

కీమో మందు తగలగానే చిన్నపేగు గోడలోని కణాలు సెరోటోనిన్‌ని వదులుతాయి. అది వేగస్ నరాన్ని తట్టి మెదడులోని వాంతి కేంద్రానికి కబురు పంపుతుంది. మొదటి 24 గంటల్లో వచ్చే వికారానికి ప్రధాన కారణం ఇది. ఓన్‌డాన్‌సెట్రాన్, పాలోనోసెట్రాన్ అడ్డుకునేది ఈ దారినే. 24 గంటలు దాటాక వచ్చేది ఆలస్యపు వికారం. ఇందులో సబ్‌స్టన్స్ పి అనే మరో రసాయనానిది పెద్ద పాత్ర, అది మెదడులోనే ఎక్కువగా పనిచేస్తుంది. రెండు, మూడు రోజులకు తారస్థాయికి చేరి అయిదారు రోజుల వరకూ ఉండొచ్చు. దీనికి అప్రెపిటెంట్, డెక్సామెథాసోన్, ఓలాంజపైన్ పనికొస్తాయి.

మన పేషెంట్‌కి ఇస్తున్న జోడీ వాంతుల విషయంలో అత్యధిక ప్రమాదం ఉన్న వర్గంలోకి వస్తుంది, సిస్‌ప్లాటిన్ లాగే. అలాంటివారికి మొదటి రోజే నాలుగు రకాల మందులు కలిపి ఇవ్వడం ఇప్పటి పద్ధతి: అప్రెపిటెంట్ రకం ఒకటి, ఓన్‌డాన్‌సెట్రాన్ రకం ఒకటి, డెక్సామెథాసోన్, ఓలాంజపైన్. ఇక్కడ నర్సు పని టైమింగ్. మాత్రలైతే కీమోకి సుమారు గంట ముందు, నరంలోకి ఇచ్చేవైతే అరగంట ముందు లోపలికి వెళ్లాలి. కీమో ఎక్కుతుండగా గుర్తొచ్చి ఇస్తే సగం ఫలితం పోయినట్టే.

మూడో రోజు మన పేషెంట్‌కి ఫాలో అప్ కాల్ చేశారనుకోండి.

"అమ్మా, ఎలా ఉన్నారు? వాంతులు అయ్యాయా?"

"లేదు సిస్టర్, వాంతి కాలేదు."

చాలామంది ఇక్కడే ఫోన్ పెట్టేసి చార్టులో "వాంతులు లేవు" అని రాసేస్తారు. ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. వికారం సున్నా నుంచి పది వరకూ ఎంత? నిన్నటి నుంచి ఎంత తాగారు, మూత్రం ఎన్నిసార్లు, ఏ రంగు? మాత్రలు ఎలా వేసుకుంటున్నారు? మన పేషెంట్ జవాబు: వికారం ఏడు, నీళ్లు రెండు గ్లాసులు, మూత్రం రెండుసార్లు ముదురు పసుపు. రెండో రోజు బాగానే ఉందని మాత్రలు ఆపేసింది. ఆలస్యపు వికారం దగ్గర పేషెంట్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మొదటి రోజు మందుల బలంతో రెండో రోజు హాయిగా ఉంటుంది, "ఇంక ఎందుకులే" అనిపిస్తుంది. కాబట్టి డిశ్చార్జ్ అప్పుడే స్పష్టంగా చెప్పాలి: "వికారం లేకపోయినా ఈ మాత్రలు చీటీలో రాసిన రోజు వరకూ వేసుకోవాలి. ఇవి వికారం రాకుండా ఆపేవి, వచ్చాక తగ్గించేవి కావు."

మందులన్నీ సరిగ్గా వేసుకున్నా వికారం తన్నుకొస్తే, వేసుకున్న మందునే మళ్లీ వేయడం కన్నా వేరే దారిలో పనిచేసే మందు అడగడం మేలు. ఓన్‌డాన్‌సెట్రాన్ వేసుకుంటున్నా తగ్గకపోతే ఇంకో ఓన్‌డాన్‌సెట్రాన్ పెద్దగా కలిపేదేమీ ఉండదు. కానీ డాక్టర్‌కి ఫోన్ చేసేటప్పుడు పేషెంట్ ఓలాంజపైన్ మీద ఉందా లేదా తప్పక చెప్పండి. ఉంటే మెటోక్లోప్రమైడ్ కలపడం మంచిది కాదు. రెండూ డోపమైన్‌ని అడ్డుకునేవే కాబట్టి కండరాలు బిగుసుకోవడం, కాళ్లు నిలకడగా ఉండకపోవడం లాంటివి రావచ్చు.

ఓన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది, అందుకే వదిలేస్తారు. మన పేషెంట్‌కి నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. ఇప్పుడు ఎవరో ఒకరు ఎనిమా గురించో మలద్వారంలో పెట్టే మందు గురించో అంటారు. క్యాలెండర్ చూడండి. రెండు మూడు రోజుల్లో తెల్లకణాలు పడబోతున్నాయి. మలద్వారం లోపలి పొర చిన్నగా చీరుకున్నా అక్కడి బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి దారి చూసుకుంటుంది. నోటి ద్వారా ఇచ్చే విరేచన మందు మూడో రోజే మొదలుపెట్టించండి.

మరొకటి. కీమో తర్వాత 48 గంటల వరకూ వాంతి, మూత్రం, మలంలో మందు అవశేషాలు ఉంటాయి. వాటిని ఎత్తేటప్పుడు కీమోకి వాడే గ్లవ్స్ రెండు జతలు, గౌను, చిమ్మే అవకాశం ఉంటే ముఖానికి రక్షణ ఉండాలి. ఇంట్లో చూసుకునేవాళ్లకి కూడా గ్లవ్స్ సంగతి చెప్పాలి. డాక్సోరుబిసిన్ వల్ల మొదటి ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పకపోతే ఆ రాత్రి మీకు కంగారు ఫోన్ ఖాయం. ఆ తర్వాత కూడా ఎర్రగానే ఉన్నా, మంట ఉన్నా అది మందు రంగు అని వదిలేయకండి. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయం నుంచి రక్తం రప్పించగలదు.

మూడో మెట్టు: నోరు తెరిపించి చూడండి

ఏడో రోజుకి మన పేషెంట్ వికారం తగ్గింది, నోట్లో మంట మొదలైంది. తొమ్మిదో రోజుకి చెంపల లోపల పుండ్లు. "నోరు ఎలా ఉంది?" అని అడిగి "పర్లేదు" అంటే రాసుకోవడం పరీక్ష కాదు. చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకోండి, టార్చ్ తీసుకోండి, కట్టుడు పళ్లుంటే తీయించండి. పెదవులు, చెంపల లోపలి వైపు, నాలుక పక్కలు, నాలుక కింద, మెత్తటి అంగిలి, గట్టి అంగిలి, చిగుళ్లు. ప్రతిరోజూ ఇదే వరుసలో చూస్తే ఏదీ తప్పిపోదు. తర్వాత ఒక గుటక నీళ్లు మింగించి ముఖం చూడండి.

తీవ్రతను ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతతో రాయండి. ఎర్రదనం, మంట మాత్రమే ఉంటే గ్రేడ్ 1. పుండ్లున్నా ఘనాహారం తినగలిగితే 2. ద్రవాలు మాత్రమే దిగుతుంటే 3. నోటితో ఏమీ తీసుకోలేకపోతే 4. ఇది పుండు సైజు కొలత కాదని గమనించండి, పేషెంట్ ఏం తినగలుగుతోందన్నదే కీలకం. అందుకే చూడడంతో పాటు అడగాలి. మన పేషెంట్ ద్రవాలు మాత్రమే తీసుకుంటోంది, అవీ కొంచెం. గ్రేడ్ 3.

పుండ్లు ఎక్కడున్నాయన్నది చాలా చెబుతుంది. కీమో వల్ల వచ్చేవి మెత్తటి, కదిలే చోట్ల వస్తాయి: చెంపల లోపల, పెదవి లోపల, నాలుక పక్కలు, అడుగున. గట్టి అంగిలి మీద, చిగుళ్ల మీద గుంపులుగా చిన్న పుండ్లుంటే హెర్పిస్ అనుమానించాలి. పెరుగు తరకల్లాంటి తెల్లటి పొర ఉండి, గాజ్ గుడ్డతో తుడిస్తే ఊడివచ్చి కింద ఎర్రగా కనిపిస్తే క్యాండిడా ఫంగస్. ఈ రెండింటికీ వేరే మందులున్నాయి, పుక్కిలింతతో కుదరదు. చూసినచోటు, చూసినట్టు రాసి డాక్టర్‌కి చెప్పండి. ఫంగస్‌కి ఫ్లూకోనజోల్ రాస్తే ఓన్‌డాన్‌సెట్రాన్ ఇంకా నడుస్తోందేమో గుర్తుచేయండి. రెండూ ఈసీజీలో క్యూటీ వ్యవధిని పొడిగిస్తాయి, వాంతుల వల్ల పొటాషియం తగ్గి ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది.

నోటి సంరక్షణ చెప్పడానికి తేలిక, చేయించడమే కష్టం. ఒక కప్పు గోరువెచ్చని నీటిలో పావు టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, పుండ్లున్నప్పుడు రెండు మూడు గంటలకోసారి. చాలా మెత్తటి బ్రష్ వాడాలి, అది కూడా గుచ్చుకుంటే స్పాంజి పుల్ల. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుండు మీద పడితే మండడమే కాదు, నోరు ఎండిపోతుంది. ఉప్పు నీళ్లు పుండ్లను మాన్పేస్తాయని మాత్రం చెప్పకండి. అవి నోటిని శుభ్రంగా, తడిగా ఉంచుతాయి. మానేది కొత్త కణాలు వచ్చినప్పుడే.

అన్నిటికన్నా ముందు నొప్పి తగ్గించాలి. నొప్పి తగ్గకుండా "బాగా నీళ్లు తాగండి" అనడం వృథా. లిగ్నోకైన్ ద్రవం రాస్తే పుక్కిలించి ఉమ్మేయమనండి. గొంతు మొద్దుబారి ఉండగా తింటే పొరమారుతుంది, కాబట్టి గంటసేపు ఏమీ తినకూడదు. గ్రేడ్ 3, 4 లో పూత మందులు చాలవు. మార్ఫిన్ లాంటి మందు అడగడానికి వెనకాడకండి.

ఐసు ముక్కల గురించి పరీక్షల్లో తరచూ అడుగుతారు. 5‑ఫ్లోరోయూరసిల్‌ని బోలస్‌గా ఇచ్చేటప్పుడు అయిదు నిమిషాల ముందు మొదలుపెట్టి అరగంట పాటు ఐసు చప్పరిస్తే నోట్లోని రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. హై డోస్ మెల్ఫలాన్‌కి కూడా వాడతారు. గంటల తరబడి ఎక్కించే మందులకు ఇది కుదరదు. ఆక్సాలిప్లాటిన్ ఇస్తుంటే అసలు వద్దు, ఆ మందు వేసుకున్నవారికి చల్లదనం తగిలితే గొంతు పట్టేసినట్టు, ఊపిరాడనట్టు అవుతుంది.

నాలుగో మెట్టు: ఏఎన్‌సీ మీరే లెక్కకట్టండి

పదో రోజు మన పేషెంట్ ఆసుపత్రికి వచ్చింది. బ్లడ్ రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 2,100. తక్కువే, కానీ భయపెట్టే అంకెలా లేదు. ఇక్కడ ఆగిపోతే మోసపోతాం. ఇన్ఫెక్షన్‌తో ముందుగా పోరాడేవి న్యూట్రోఫిల్స్, వాటి సంఖ్యను విడిగా తీయాలి. దీన్నే ఏఎన్‌సీ అంటారు. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి 100తో భాగించాలి. శాతంలో పక్వమైన న్యూట్రోఫిల్స్‌తో పాటు, ఇంకా పూర్తిగా పక్వం కాని బ్యాండ్స్‌ని కూడా కలపాలి.

రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 14 శాతం, బ్యాండ్స్ 2 శాతం. మొత్తం 16.

2,100 × 16 ÷ 100 = 336

1,500 పైన ఉంటే మామూలు. 1,000 కిందికి వస్తే జాగ్రత్త పడాలి. 500 కన్నా తక్కువైతే తీవ్రం, 100 లోపుంటే అతి తీవ్రం. మనది 336. కొన్ని ల్యాబులు తెల్లకణాలను 2.1 అని రాస్తాయి. అప్పుడు ముందు 1,000తో గుణించుకోండి, లేదంటే జవాబు 0.336 అని వచ్చి తికమక పడతారు.

న్యూట్రోఫిల్స్ లేనప్పుడు ఇన్ఫెక్షన్ రూపమే మారిపోతుంది. చీము అంటే చచ్చిన న్యూట్రోఫిల్సే, అవి లేనప్పుడు చీము ఎక్కడిది? పోర్ట్ దగ్గర ఇన్ఫెక్షన్ ఉన్నా కొంచెం ఎరుపు, కొంచెం నొప్పి తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. న్యూమోనియా ఉన్నా ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా చీముకణాలు కనపడకపోవచ్చు. చాలాసార్లు మిగిలే గుర్తు జ్వరం ఒక్కటే. అందుకే ఈ పేషెంట్లలో జ్వరం అంటే అంత హడావిడి.

షిఫ్ట్ మొదట్లో తల నుంచి కాలి వరకూ చూసేటప్పుడు నోరు, పోర్ట్, పాత సూది గుచ్చిన చోట్లు, చంకలు, గజ్జలు, మలద్వారం చుట్టూ చూడండి. మలద్వారం దగ్గర చూపు మాత్రమే, వేలు పెట్టకూడదు. ఉష్ణోగ్రత కూడా అక్కడ తీయకూడదు. కండరంలోకి ఇంజెక్షన్లు వీలైనంత వద్దు, ప్లేట్‌లెట్లు కూడా ఇదే సమయంలో తగ్గుతాయి. ఇన్ఫెక్షన్ ఆపే పనుల్లో మొదటిది చేతులు కడుక్కోవడమే. పచ్చి కూరలు, పండ్లు పూర్తిగా మాన్పించే ప్రత్యేక ఆహారం వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు అధ్యయనాల్లో తేలలేదు. అసలే తినలేని మనిషికి ఇంకో నాలుగు నిషేధాలు పెట్టడం కన్నా, బాగా కడిగినవి, బాగా ఉడికినవి, తాజాగా ఉన్నవి తినమని చెప్పడం నయం.

అయిదో మెట్టు: ఒక గంట లెక్క

నోటితో ఒక్కసారి తీసినా 38.3 డిగ్రీల సెల్సియస్, అంటే 101 ఫారన్‌హీట్ ఉన్నా, లేదా 38 డిగ్రీలు, అంటే 100.4, గంటసేపు తగ్గకుండా ఉన్నా జ్వరమే. దానికి తోడు ఏఎన్‌సీ 500 కన్నా తక్కువ ఉన్నా, రెండు రోజుల్లో పడుతుందని తెలిసినా దాన్ని ఫెబ్రైల్ న్యూట్రోపీనియా అంటారు. పేషెంట్ తలుపు దాటిన 60 నిమిషాల్లో మొదటి యాంటీబయాటిక్ డోసు నరంలోకి వెళ్లాలన్నది లక్ష్యం.

మన పేషెంట్ వచ్చేసరికి ఉష్ణోగ్రత 37.7. ట్రయాజ్‌లో ఎవరైనా "జ్వరం లేదు, కూర్చోండి" అనే అంకె ఇది. కానీ నాడి 118, బీపీ 96/58, శ్వాస నిమిషానికి 22. అప్పుడు అడగాల్సిన ప్రశ్న:

"అమ్మా, పొద్దున్నుంచి ఏమైనా మాత్ర వేసుకున్నారా?"

"నోరు నొప్పిగా ఉంటే రెండు గంటల క్రితం పారాసిటమాల్ వేసుకున్నాను సిస్టర్. రాత్రి వణుకు వచ్చింది, చలికేమో అనుకున్నా."

ఇక సందేహం అక్కర్లేదు. వణుకు వచ్చింది, పారాసిటమాల్ జ్వరాన్ని కప్పేసింది, వికారానికి ఇచ్చిన డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా అలాగే కప్పగలవు. థర్మామీటర్ కన్నా నాడిని, బీపీని నమ్మండి. ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే 38.4 ఉంది.

మొదటి పది నిమిషాలు: వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టకుండా విడిగా ఒక గదిలోకి తీసుకెళ్లండి. వైటల్స్, ఆక్సిజన్ శాతం, స్పృహ, మందుల అలర్జీ. ముఖ్యంగా పెన్సిలిన్ అలర్జీ ఉందా అని స్పష్టంగా అడగండి. డాక్టర్‌కి ఫోన్‌లో సూటిగా చెప్పండి: "డాక్టర్ గారూ, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ మొదటి సైకిల్ పదో రోజు పేషెంట్. రాత్రి వణుకు, పారాసిటమాల్ వేసుకున్నా నాడి 118, బీపీ 96/58. నోటిపుండ్లు గ్రేడ్ 3. పోర్ట్ ఉంది. అలర్జీ లేదు. కల్చర్లు తీస్తున్నాను, యాంటీబయాటిక్ ఆర్డర్ కావాలి." "జ్వరంగా ఉన్నట్టుంది, ఒకసారి చూస్తారా" అంటే ఆ తొందర అవతలివారికి అందదు.

తర్వాతి పావుగంట: పోర్ట్‌కి సూది వేసి అక్కడి నుంచి ఒక బ్లడ్ కల్చర్ సెట్, చేతి నరం నుంచి ఇంకో సెట్. ఏది ఎక్కడి నుంచి, ఎన్నింటికి తీశారో లేబుల్ మీద రాయండి. పోర్ట్ నుంచి తీసింది చాలా ముందుగా పెరిగితే ఇన్ఫెక్షన్ మూలం పోర్టే కావచ్చని తెలుస్తుంది, లేబుల్ లేకపోతే ఆ ఆధారం పోతుంది. వాటితో పాటు రక్తకణాల పరీక్ష, కిడ్నీ, లివర్, లాక్టేట్. మూత్రం మామూలుగా పట్టించండి, అందుకోసం కెథటర్ వేయకండి.

కల్చర్లు యాంటీబయాటిక్‌కి ముందు తీయాలి, కానీ వాటి కోసం యాంటీబయాటిక్ ఆగకూడదు. చేతి నరం దొరకక పావుగంట పోతోందంటే ఆ సెట్ వదిలి మందు మొదలుపెట్టండి. ఏఎన్‌సీ రిపోర్టు కోసం కూడా ఎదురుచూడక్కర్లేదు, పదో రోజు అన్న మాటే చాలు. ఆర్డర్ పైపరాసిలిన్‑టాజోబాక్టమ్ 4.5 గ్రాములు. వచ్చిన 42 నిమిషాలకి మొదలైంది. దానితో పాటు బీపీకి సెలైన్ బోలస్. వాంకోమైసిన్ అందరికీ మొదటే ఇచ్చేది కాదు. పోర్ట్ దగ్గర, చర్మంలో ఇన్ఫెక్షన్ కనిపిస్తేనో, పరిస్థితి దిగజారితేనో డాక్టర్ కలుపుతారు.

మందు ఎక్కాక మీ పని ఇంకా పెరుగుతుంది. మొదటి గంట పావుగంటకోసారి వైటల్స్. మూత్రం గంటకు కిలోకి అర మిల్లీలీటరు, అంటే ఈమెకి 28 మిల్లీలీటర్లు తగ్గకూడదు. చర్మం చల్లబడడం, మాట తడబడడం, ఉన్నట్టుండి ఉష్ణోగ్రత 36 కిందికి పోవడం, ఇవన్నీ జ్వరం తగ్గిందని సంతోషించే గుర్తులు కావు, షాక్‌లోకి వెళ్తోందనడానికి సూచనలు. వెంటనే పిలవండి.

కొందరు తక్కువ ప్రమాదం ఉన్న పేషెంట్లను నోటితో వేసుకునే యాంటీబయాటిక్స్‌తో ఇంటికి పంపుతారు. దానికి మాస్క్ అనే స్కోరు ఉంది, 21 అంతకన్నా ఎక్కువ వస్తే తక్కువ ప్రమాదం. పేరు చూసి ముఖానికి వేసుకునే మాస్క్ అనుకోకండి. బీపీ పడిన, నోటితో మింగలేని మన పేషెంట్‌కి ఆ ప్రసక్తే లేదు.

ఆసుపత్రిలో చేరిన రెండో రోజు కల్చర్ రిపోర్టు వచ్చింది: విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్. మామూలుగా మన నోట్లో ఉండే బ్యాక్టీరియా. చెంపల లోపలి పుండ్ల నుంచి రక్తంలోకి దిగింది. నోటిపుండ్లు, తెల్లకణాలు రెండు వేరు ప్రశ్నలుగా చదివినవారికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. పదమూడో రోజుకి ఏఎన్‌సీ 720కి ఎక్కింది. జ్వరం పోయింది. నోటి పుండ్లు కూడా అదే సమయంలో తగ్గడం మొదలయ్యాయి, మజ్జ కోలుకుంటే నోరూ కోలుకోవడం తరచూ కనిపిస్తుంది.

ఆరో మెట్టు: రెండో సైకిల్ గళ్లు ముందే నింపండి

ఒకసారి ఇలా జరిగింది కాబట్టి రెండో సైకిల్ నుంచి పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 6 మిల్లీగ్రాములు చర్మం కింద ఒక్క డోసు రాశారు. ఇది మజ్జని తొందరపెట్టి న్యూట్రోఫిల్స్ తయారు చేయించే మందు. కీమో అయిన వెంటనే, అదే రోజు ఇంటికి పంపేముందు ఇచ్చేద్దామని అనిపిస్తుంది. ఇవ్వకూడదు. మజ్జకణాలు విభజన చెందుతుండగా కీమో ఇంకా రక్తంలో ఉంటే వాటినే కొడుతుంది. కనీసం 24 గంటలు గడవాలి, కాబట్టి 2వ రోజు గడిలో రాయండి. నడుము, తుంటి, ఛాతీ ఎముకల్లో నొప్పి రావచ్చని పేషెంట్‌కి ముందే చెప్పండి, లేదంటే క్యాన్సర్ ఎముకలకు పాకిందని టెన్షన్ పడుతుంది.

3వ రోజు గడిలో: ఫోన్ చేయాలి, మాత్రలు ఆపలేదు కదా, విరేచనం అయిందా. 5వ రోజు నుంచి: పుక్కిలింత పుండ్లు రాకముందే మొదలు. 7 నుంచి 14 వరకు: పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత రాసుకోవాలి, పారాసిటమాల్ ఎందుకు వేసుకోవాలనుకున్నా ముందు థర్మామీటర్ పెట్టుకోవాలి. 38 కనిపించినా, వణుకు వచ్చినా మాత్ర వేసుకోకుండా ముందు ఫోన్. రాత్రి రెండింటికైనా సరే, ఎవరికి చేయాలో ఆ నంబర్ ఈ గళ్ల కాగితం మీదే రాసి పేషెంట్ చేతికివ్వండి. ఆసుపత్రికి రాగానే "నాకు కీమో నడుస్తోంది, ఇవాళ ఫలానా రోజు" అన్నది మొదటి మాటగా చెప్పమని, ఒకసారి మీ ముందే చెప్పించండి.